స్ట్రోక్ పేషెంట్‌కి ముక్కు గొట్టం ఎప్పుడు వేయమనాలి, కేస్ షీట్‌లో ఏం రాయాలి

ప్రశ్న: నేను స్పీచ్ థెరపిస్ట్‌ని, ఒక జిల్లా ఆసుపత్రిలో కొత్తగా చేరాను. స్ట్రోక్ పేషెంట్ల స్వాలో చూడమని రిఫరల్స్ వస్తున్నాయి. కొంతమంది రెండు మూడు చెంచాలు బాగానే మింగుతారు, ఆ తర్వాత దగ్గుతారు. ఇలాంటి వాళ్లకు రైల్స్ ట్యూబ్ వేయమని ఎప్పుడు చెప్పాలి? డాక్టర్ గారేమో గ్యాగ్ ఉంది కదా, తినిపించండి అంటారు. ఇక్కడ ఎండోస్కోపీతో గానీ వీడియో ఎక్స్‌రేతో గానీ స్వాలో చూసే వీలు లేదు. కేస్ షీట్‌లో ఎలా రాస్తే నా నిర్ణయం నిలబడుతుంది? సీనియర్లు వివరంగా చెప్పండి.

జవాబు:

ముందు గ్యాగ్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే వార్డులో సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. గ్యాగ్ రిఫ్లెక్స్ ఉన్నంత మాత్రాన మింగడం సేఫ్ అని కాదు, లేనంత మాత్రాన మింగలేరని కూడా కాదు. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా కొందరికి గ్యాగ్ రాదు, అయినా వాళ్లు హాయిగా భోంచేస్తున్నారు. గ్యాగ్ అంటే లోపలికి వెళ్లినదాన్ని బయటికి తోసే పని. మింగడం దానికి పూర్తిగా వేరే పని, నోట్లో ముద్ద కూడగట్టుకోవాలి, సమయానికి స్వాలో మొదలవ్వాలి, స్వరపేటిక పైకి లేచి శ్వాసనాళం మూసుకోవాలి, అన్నవాహిక పైభాగం తెరుచుకోవాలి. మీ డాక్టర్ గారితో వాదించక్కర్లేదు, "సార్, గ్యాగ్ ఉంది, కానీ మూడో చెంచా నీళ్లకి గొంతు తడిగా మారింది, దగ్గు అర నిమిషం తర్వాత వచ్చింది" అని మీరు చూసింది చెప్పండి. చాలామంది డాక్టర్లు అది వింటారు.

ఇక అసలు ప్రశ్న. గొట్టం అడగాలా వద్దా అన్నది "దగ్గాడా లేదా" అన్న ఒక్కదాని మీద తేలదు. నేను ప్రతి పేషెంట్ దగ్గరా మూడు విషయాలు విడివిడిగా అడుగుతాను. మింగేది ఊపిరితిత్తుల్లోకి పోకుండా వెళ్తోందా? వెళ్తున్నా, రోజుకి సరిపడా వెళ్తోందా? ఈ పరిస్థితి రెండు రోజుల్లో మారేలా ఉందా, లేక వారం పైన పట్టేలా ఉందా? కొత్తగా వచ్చినవాళ్లు మొదటిదాని మీదే దృష్టంతా పెడతారు. నా అనుభవంలో ఎక్కువమందికి గొట్టం అవసరం పడేది రెండోదాని వల్ల. మీరు రాసిన "రెండు చెంచాలు బాగానే మింగి తర్వాత దగ్గేవాళ్లు" సరిగ్గా అక్కడే ఉంటారు. ఒక కేసు పూర్తిగా చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

అరవై దాటిన ఆవిడ, షుగర్ పేషెంట్, 48 కిలోలు. ఎడమవైపు మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ ఇన్‌ఫార్క్ట్. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మూతి వంకర, మాట లేదు, మనం చెప్పేది కొంతే అర్థమవుతోంది. లక్షణాలు మొదలైన ఎనిమిది గంటలకు తీసుకొచ్చారు కాబట్టి క్లాట్ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వలేదు. (ఇచ్చి ఉంటే ముక్కులోంచి రక్తం కారే ప్రమాదం వల్ల, తప్పనిసరి అయితే తప్ప మొదటి 24 గంటలు గొట్టం జోలికి పోము, అదీ గుర్తుపెట్టుకోండి.) క్యాజువాలిటీలో నర్సు స్క్రీనింగ్ చేయబోతే మగతలో ఉంది, అందుకని నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దని బోర్డు పెట్టారు. సరైన పని. నేను చూసింది మర్నాడు ఉదయం.

చెంచా పట్టుకునే ముందే సగం సమాచారం వస్తుంది. ముందు కాసేపు ఊరికే నిలబడి చూడండి. ఉమ్మి నోటి మూలనుంచి కారుతోందా, గొంతులో గురగుర వినబడుతోందా, నర్సు ఎన్నిసార్లు సక్షన్ చేయాల్సి వస్తోంది, ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు. తన ఉమ్మినే మింగలేని మనిషికి మనం నీళ్లు పోసి పరీక్ష పెట్టనక్కర్లేదు. ఈవిడ ఉమ్మి కుడివైపు కొద్దిగా కారుతోంది గానీ మింగుతోంది, సక్షన్ అవసరం పడలేదు, జ్వరం లేదు, ఛాతీ క్లియర్. మంచం తల లేపి నిటారుగా కూర్చోబెట్టాక ఇరవై నిమిషాలు మెలకువగా ఉంది. గస్ అని వాడే స్వాలో స్క్రీనింగ్‌లో కనీసం 15 నిమిషాలు మెలకువ ఉండాలని అడుగుతారు, అది ఊరికే పెట్టింది కాదు, ఒక పూట తినడానికి కనీసం అంత సేపు పడుతుంది.

తర్వాత టార్చి వేసి నోరు చూడాలి. ఆవిడ నాలుక మీద తెల్లటి పూత, ఎండిపోయిన పెచ్చులు, కుడి బుగ్గలో ఇంటి దగ్గర పెట్టిన మాత్ర ముక్క ఇంకా అలాగే ఉంది. ఆ వైపు స్పర్శ లేదు, అందుకే తెలియలేదు. నోరు శుభ్రం చేయకుండా ట్రయల్ మొదలుపెట్టొద్దు. పొరపాటున శ్వాసనాళంలోకి పోయేది ఒక్క నీళ్లే అయితే ఊపిరితిత్తులు చాలావరకు తట్టుకుంటాయి, ఆ నీళ్లతో పాటు నోట్లోని క్రిములు పోతేనే న్యుమోనియా. దగ్గమంటే దగ్గలేదు, కానీ ఇది బలహీనత కాకపోవచ్చు, అర్థం కాకపోయి ఉండొచ్చు, లేదా కావాలని చేసే కదలిక మెదడు కూర్చలేకపోవచ్చు. అందుకే కేస్ షీట్‌లో "దగ్గు బలహీనం" అని రాయలేదు, "చెప్పినప్పుడు దగ్గలేదు, అదంతట అదే వచ్చిన దగ్గు ఒకసారి విన్నాను, బలంగానే ఉంది" అని రాశాను. ఈ తేడా తర్వాత చాలా పనికొచ్చింది.

ట్రయల్‌లో మొదట చిక్కటిది. ఉండల్లేకుండా చిలికిన గట్టి పెరుగు, టీస్పూన్‌లో సగం. నా వేళ్లు గడ్డం కింద ఒకటి, స్వరపేటిక మీద రెండు. చెంచా నోట్లో పెట్టిన దగ్గర్నుంచి గొంతు పైకి లేచేదాకా మూడు నాలుగు సెకన్లు పడుతోంది, లేవడం మాత్రం బాగానే లేస్తోంది. దగ్గు లేదు, "ఆ" అనిపిస్తే (నేను అంటే తనూ అనుకరించింది) గొంతు శుభ్రంగా ఉంది. ఐదు చెంచాల తర్వాత నోరు తెరిపిస్తే కుడి బుగ్గలో కొంచెం పెరుగు మిగిలింది, ఎడమవైపు పెట్టడం మొదలుపెట్టాక అది తగ్గింది. తర్వాత నీళ్లు, టీస్పూన్‌తో 5 మిల్లీలీటర్లు. మొదటిది పర్లేదు. రెండోదానికి స్వాలో మొదలయ్యే లోపే దగ్గు. కాసేపు ఆగి మూడోది ఇచ్చాను, దగ్గు లేదు గానీ "ఆ" అంటే గొంతులో నీళ్లు ఉన్నట్టు తడిగా వినిపించింది. అక్కడితో ఆపేశాను, కప్పుతో ప్రయత్నించలేదు. వేలికి పెట్టిన ఆక్సిజన్ రీడింగ్ 97 నుంచి 95కి వచ్చింది, రాసుకున్నాను, కానీ దాని మీద నిర్ణయం నిలపలేదు. చెయ్యి కదిలినా ఆ అంకె మారుతుంది, మారకుండా ఉన్నా లోపలికి పోతూనే ఉండొచ్చు.

ఇక్కడ చాలామంది రాసేది: "నీళ్లకి ఆస్పిరేషన్ ఉంది, చిక్కటి ఆహారం సేఫ్, నోటి ద్వారా మొదలుపెట్టండి." ఈ ఒక్క వాక్యంలో రెండు సమస్యలున్నాయి. ఆస్పిరేషన్ మనం చూడలేదు, మంచం పక్కన నిలబడి ఎవరూ చూడలేరు. మనం చూసింది దగ్గు, తడి గొంతు, ఆలస్యం. రెండోది, ఐదు చెంచాల పెరుగు సేఫ్‌గా దిగిందంటే అర్థం ఐదు చెంచాల పెరుగు సేఫ్‌గా దిగిందని మాత్రమే. ఒక పూట భోజనం గురించి అది ఏమీ చెప్పదు. స్ట్రోక్ మొదటి రోజుల్లో అలసట చాలా ఎక్కువ, పదో చెంచా మొదటి చెంచాలా ఉండదు.

అందుకే ఆ రోజు ఆవిడకి నోటి ద్వారా చిక్కటి జావ మాత్రం, మూడు పూటలా నేను గానీ ట్రైనింగ్ ఉన్న నర్సు గానీ పక్కనే ఉండి, టైమ్ పెట్టుకుని, కొలిచి ఇచ్చాం. పాలు పోసి చిక్కగా కాచి వడకట్టిన రాగి జావ. పొద్దున 25 నిమిషాల్లో 60 మిల్లీలీటర్లు. మధ్యాహ్నం 40. సాయంత్రం 25 దగ్గర కళ్లు మూసుకుపోయాయి, చివరి చెంచా నోట్లోనే ఉండిపోతే మేమే వేలికి గాజ్ గుడ్డ చుట్టి తీశాం. మొత్తం 125 మిల్లీలీటర్లు, లెక్కేస్తే 100 కేలరీలు కూడా రావు. ఆవిడకి కావాల్సింది కిలోకి 25 చొప్పున వేసుకున్నా 1200 కేలరీలు, నీళ్లు కిలోకి 30 మిల్లీలీటర్ల చొప్పున సుమారు 1440. "సెలైన్ ఎక్కుతోంది కదా" అని ఇంట్లోవాళ్లు అంటారు, ఒక్కోసారి మనవాళ్లూ అంటారు. మామూలు సెలైన్‌లో కేలరీలు సున్నా. 5 శాతం డెక్స్‌ట్రోస్ ఒక లీటరు మొత్తం ఎక్కించినా సుమారు 170 కేలరీలే.

నేను గొట్టం సిఫారసు చేసింది ఆ సాయంత్రం. దగ్గినందుకు కాదు, 60, 40, 25 అన్న ఆ మూడు అంకెలను చూసి. పూటపూటకీ తగ్గుతూ వస్తున్నాయి, అంటే రేపు ఎక్కువ పెట్టి సరిచేసుకుందాం అనే దారి లేదు. పైగా షుగర్ ఉంది, ఇన్సులిన్ ఇస్తున్నారు, ఎంత తింటుందో తెలియని మనిషికి ఇన్సులిన్ డోస్ ఎలా వేస్తారు. బీపీ మాత్రలు, ఆస్పిరిన్ కూడా నోటి ద్వారా నమ్మకంగా వెళ్లే పరిస్థితి లేదు.

మరి ఇంకో రెండు రోజులు ఆగి చూడొచ్చు కదా అని ఫిజీషియన్ అడిగారు, న్యాయమైన ప్రశ్నే. బ్రిటన్‌లో వాడే మార్గదర్శకాలు నోటి ద్వారా సరిపడా తీసుకోలేని స్ట్రోక్ పేషెంట్‌కి అడ్మిట్ అయిన 24 గంటల్లోపే గొట్టం మొదలుపెట్టమంటాయి, అమెరికా వాళ్లు ఏడు రోజుల్లోపు అంటారు. ఈ రెండింటి మధ్యలో మనం పేషెంట్‌ని చూసి తేల్చుకోవాలి. బరువు బాగా ఉండి, మెలకువ గంటగంటకీ పెరుగుతూ, పూటపూటకీ ఎక్కువ తింటున్న మనిషైతే నేనూ ఒకటి రెండు రోజులు ఆగుతాను. ఈవిడ 48 కిలోలు, షుగర్, అంకెలు తగ్గుతున్నాయి, సీటీలో ఇన్‌ఫార్క్ట్ పెద్దది, వాపు పెరిగే రోజులు ఇంకా ముందున్నాయి కాబట్టి రేపటికి మెలకువ తగ్గే అవకాశమే ఎక్కువ. మూడో ప్రశ్నకి జవాబు అలా వచ్చింది.

కేస్ షీట్‌లో రాసిన నోట్ ఇది. మనం రాసేది ఇంగ్లీషులోనే, ఇక్కడ అర్థం కోసం తెలుగులో పెడుతున్నాను:

"స్ట్రోక్ మొదలై సుమారు 30 గంటలు. నిటారుగా కూర్చోబెడితే 20 నిమిషాలు మెలకువ, సాయంత్రానికి 10 నిమిషాలు. నోరు శుభ్రం చేశాక ట్రయల్. గట్టి పెరుగు అర చెంచా చొప్పున ఐదు: స్వాలో 3–4 సెకన్లు ఆలస్యం, దగ్గు లేదు, గొంతు స్పష్టం, కుడి బుగ్గలో కొద్దిగా మిగులు. నీళ్లు 5 మి.లీ. మూడుసార్లు: రెండోసారి స్వాలోకి ముందే దగ్గు, మూడోసారి తడి గొంతు, ఆపివేశాను. పర్యవేక్షణలో మూడు పూటలు నోటి ద్వారా 60, 40, 25 మి.లీ., అలసట వల్ల ఆగింది. అవసరం సుమారు 1200 కేలరీలు, అందింది 100 లోపు.

నా అభిప్రాయం: నోటి దశలోనూ స్వాలో మొదలవడంలోనూ ఇబ్బంది, పల్చటి ద్రవాలు ప్రస్తుతం సురక్షితం కావు అనిపిస్తోంది. చిక్కటిది కొద్ది మొత్తంలో తట్టుకుంటోంది, కానీ అలసట వల్ల సరిపడా తీసుకోలేదు. దగ్గు రాకుండా లోపలికి పోవడాన్ని మంచం పక్కన పరీక్షతో కొట్టిపారేయలేను, పరికర పరీక్ష ఇక్కడ అందుబాటులో లేదు. ఆలోచించిన ఇతర మార్గాలు: చిక్కటి ఆహారం మాత్రమే కొనసాగించడం (తీసుకునే మొత్తం పూటపూటకీ తగ్గుతోంది కనుక వద్దనుకున్నాను), సెలైన్‌తో 48 గంటలు ఆగడం (తక్కువ బరువు, ఇన్సులిన్, మగత పెరిగే అవకాశం వల్ల వద్దనుకున్నాను).

సిఫారసు: ముక్కు గొట్టం ద్వారా ఆహారం, నీళ్లు, మందులు. నోటి ద్వారా రోజుకి రెండుసార్లు గట్టి పెరుగు 5–10 చెంచాలు, థెరపిస్ట్ ఉన్నప్పుడు మాత్రమే. నోటి శుభ్రత రోజుకి కనీసం మూడుసార్లు. కూతురితో మాట్లాడాను, ఒప్పుకున్నారు. పేషెంట్‌కి బొమ్మలూ సైగలతో చెప్పాను, పూర్తిగా అర్థమైందని చెప్పలేను. తిరిగి చూసేది 48 గంటల్లో, లేదా మెలకువ మారితే ముందే. జ్వరం, ఊపిరి వేగం, గురగుర వస్తే నోటి ట్రయల్స్ ఆపి నన్ను పిలవాలి."

కొంచెం పొడుగ్గానే ఉంది, తెలుసు. కానీ ఇందులో చూసింది ఒకచోట, నేను అనుకుంటున్నది ఇంకోచోట ఉన్నాయి, రెండూ కలవలేదు. రాత్రి డ్యూటీ డాక్టర్ నా అభిప్రాయంతో ఏకీభవించకపోయినా, నేను చూసినవాటి నుంచి తన అభిప్రాయం తను ఏర్పరుచుకోవచ్చు. వద్దనుకున్న మార్గాలు కారణంతో సహా రాయడం అన్నిటికంటే ముఖ్యం అని నా నమ్మకం. "గొట్టం వేయండి" అని ఒక్క ముక్క రాస్తే మర్నాడు రౌండ్స్‌లో ఎవరో ఒకరు "చిక్కటిది తింటోంది కదా, తీసేయండి" అంటారు, అప్పుడు మీరు అక్కడ ఉండరు. కారణం రాసి ఉంటే వాళ్లు ఆ కారణాన్ని కాదనాలి, ఊరికే గొట్టాన్ని కాదు. ఇంకోటి, మనం సిఫారసు చేస్తాం, ఆర్డర్ రాయాల్సింది డాక్టర్ గారు. ఆ గీత నోట్‌లో కనబడాలి.

గొట్టం వేసేది నర్సులో డ్యూటీ డాక్టరో అయినా మనకు తెలియాల్సినవి కొన్నున్నాయి. స్ట్రోక్ పేషెంట్‌కి గొట్టం శ్వాసనాళంలోకి పోయినా దగ్గు రాకపోవచ్చు, కాబట్టి "దగ్గలేదు, కడుపులోనే ఉంది" అనుకోవద్దు. సిరంజితో గాలి కొట్టి స్టెతస్కోప్‌తో వినడం మన వార్డుల్లో ఇంకా నడుస్తోంది, ఆ ఒక్కదాన్నే నమ్మి ఫీడ్ మొదలుపెట్టకూడదు, గొట్టం ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ శబ్దం వినబడగలదు. లాగిన ద్రవం పీహెచ్ 5.5 లేదా అంతకంటే తక్కువైతే కడుపని తీసుకుంటారు, కానీ మన దగ్గర దాదాపు అందరికీ పాంటాప్రజోల్ పడుతుంది, దానివల్ల పీహెచ్ పెరిగిపోతుంది. అప్పుడు ఛాతీ ఎక్స్‌రే తప్పదు. ఎక్స్‌రే చూసేదాకా చుక్క నీళ్లు కూడా వద్దు. కుదిరాక ముక్కు దగ్గర ఎన్ని సెంటీమీటర్లో రాసి పెట్టి, ప్రతి ఫీడ్‌కి ముందు ఆ గుర్తు అక్కడే ఉందో లేదో చూడాలి. గొట్టం వేశాక స్వాలో అకస్మాత్తుగా పాడైతే ముందు నోరు తెరిచి గొంతులోకి టార్చి వేయండి, గొట్టం అక్కడ చుట్ట చుట్టుకుని ఉండడం చూస్తుంటాం.

ఈవిడకి ఫీడ్ మిల్లీలీటరుకి ఒక కేలరీ వచ్చేది, మొదట 50, తర్వాత 100, తట్టుకున్నాక 200 మిల్లీలీటర్లు రోజుకి ఆరుసార్లు, ముందూ వెనకా 40 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు. ఫీడ్‌లో ఉండే నీళ్లూ ఈ నీళ్లూ కలిపితే 1440 దాటుతుంది. తల 30 డిగ్రీల పైన, ఫీడ్ అయ్యాక కూడా అరగంట నుంచి గంట దాకా. ఇంటి జావ గొట్టంలో వేస్తే అడ్డుపడుతుంది, పల్చన చేస్తే కేలరీలు పోతాయి, అందుకే డైటీషియన్‌ని పిలవండి. వేరే ఊరి ఆసుపత్రిలో ఐదారు రోజులు సెలైన్ మీదే ఉండి మీ దగ్గరికి వచ్చినవాళ్లయితే మాత్రం ఒక్కసారిగా పూర్తి ఫీడ్ ఇవ్వనివ్వొద్దు. పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం చూసి, థయామిన్ ఇచ్చి, మెల్లగా పెంచాలి, లేకపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. మందుల విషయంలో పైపూత ఉన్న ఆస్పిరిన్, స్లో రిలీజ్ మాత్రలు పొడి చేయకూడదు, మార్చమని నోట్‌లో రాయండి.

ఇంకో మాట, గొట్టం వేశాం కాబట్టి న్యుమోనియా రాదు అని ఎవరికీ చెప్పకండి. ఉమ్మి అలాగే లోపలికి పోతుంది, కడుపులోది పైకి తన్నొచ్చు. నోటి శుభ్రత గొట్టం ఉన్నవాళ్లకే ఎక్కువ కావాలి, "నోటితో తినట్లేదు కదా" అని వాళ్లకే ఎవరూ చేయరు.

ఆవిడకి మూడో రోజు మగత పెరిగింది, అనుకున్నదే, ఆ రోజు నోటి ట్రయల్స్ ఆపాం, ఆహారం మాత్రం ఆగలేదు. ఐదో రోజు నుంచి మెలకువ పెరిగింది. ఏడో రోజుకి స్వాలో ఆలస్యం ఒకటి రెండు సెకన్లకు వచ్చింది, మెత్తగా గుజ్జు చేసిన పెరుగన్నం ఒక పూటకి 150 మిల్లీలీటర్ల దాకా తినగలిగింది. అక్కడినుంచి పగలు నోటితో, తక్కువైనది రాత్రి గొట్టంతో. గొట్టం తీయడానికి నేను పెట్టుకునే గీత, కావాల్సిన కేలరీల్లో ముప్పావు వంతు వరసగా రెండు మూడు రోజులు నోటి ద్వారా వెళ్లాలి, జ్వరం ఉండకూడదు, నీళ్లు వెళ్లే దారి ఏదో ఒకటి దొరకాలి. ఆవిడకి నీళ్లు చిక్కబరిచి ఇస్తే దగ్గు లేదు, తాగడానికి మాత్రం అంతగా ఇష్టపడేది కాదు, చిక్కటి నీళ్ల మీద ఉన్నవాళ్లు తక్కువ తాగి ఎండిపోతారు కాబట్టి రోజూ ఎంత తాగిందో రాయించాం. పదకొండో రోజు గొట్టం తీశారు. ఆ పదకొండు రోజుల్లో బరువు దాదాపు తగ్గలేదు. ఇడ్లీ సాంబారులో వేసి పెట్టొద్దని కూతురికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, పల్చటిదీ ముక్కలూ ఒకే చెంచాలో ఉంటే వీళ్లకి అన్నిటికంటే కష్టం.

అందరూ ఈవిడలా ఉండరు. దీనికి పూర్తి వ్యతిరేకం లాటరల్ మెడుల్లా స్ట్రోక్. మనిషి పూర్తి మెలకువ, చక్కగా మాట్లాడతాడు, గొంతు మాత్రం బొంగురు, ఆకలేస్తోంది అన్నం పెట్టండి అంటాడు, చేతిలో గిన్నె పట్టుకుని నిమిషనిమిషానికీ ఉమ్మి ఊస్తుంటాడు. ఆ గిన్నె చూడగానే ఆలోచించండి. మింగబోతే గొంతు పైకి లేస్తుంది గానీ అన్నవాహిక పైభాగం తెరుచుకోదు, ముద్ద గొంతులోనే నిలిచి తిరిగొస్తుంది లేదా శ్వాసనాళంలోకి జారుతుంది. కొందరిలో దగ్గు కూడా రాదు. వీళ్లకి నేను మొదటి రోజే గొట్టం అడుగుతాను, కేలరీల లెక్క కోసం ఆగను, నోటి ట్రయల్స్ కూడా పరికర పరీక్ష అయ్యేదాకా మొదలుపెట్టను. మీ దగ్గర లేదు కాబట్టి ఎండోస్కోపీ లేదా వీడియోఫ్లోరోస్కోపీ ఉన్న సెంటర్‌కి పంపమని రాయాల్సిన పేషెంట్లు వీళ్లే. అందరినీ పంపలేరు, వీళ్లని పంపండి, కారణం తెలియకుండా జ్వరం తిరగబెడుతున్నవాళ్లని పంపండి. వీళ్లకి వారాలు పట్టొచ్చు, నాలుగు వారాల దగ్గరికొస్తుంటే కడుపుకి నేరుగా వేసే పెగ్ గురించి మాట్లాడాలి. అంతకంటే ముందే పెగ్‌కి తొందరపడొద్దు, 2005లో వచ్చిన ఫుడ్ అనే స్ట్రోక్ పరిశోధనల్లో మొదటి వారాల్లో పెగ్ వేసినవాళ్ల ఫలితం ముక్కు గొట్టం వాళ్లకంటే మెరుగ్గా లేదు సరికదా, కొంచెం అధ్వాన్నంగానే కనిపించింది.

అదే పరిశోధనల్లో ఇంకో భాగం కుటుంబంతో మాట్లాడేటప్పుడు నాకు గుర్తొస్తుంది. 859 మందిలో త్వరగా గొట్టం వేసినవాళ్లలో మరణాలు 5.8 శాతం పాయింట్లు తక్కువ, కానీ ఆ తేడా గణాంకపరంగా ఖాయం కాలేదు, పైగా అలా బతికినవాళ్లలో తీవ్రమైన వైకల్యంతో మిగిలినవాళ్లు ఎక్కువ. అంటే గొట్టం బతికించడానికి సాయపడొచ్చు, కోలుకునేలా చేస్తుందని మాత్రం మనం చెప్పలేం. పెద్ద వయసు, ముందునుంచే మతిమరుపు జబ్బు, పెద్ద స్ట్రోక్, ఇక ఇబ్బంది లేకుండా చూసుకోవడమే లక్ష్యం అని డాక్టర్లూ కుటుంబమూ నిర్ణయించుకున్న చోట నేను గొట్టం సిఫారసు చేయను. ఇష్టమైనది రెండు చెంచాలు, నిటారుగా కూర్చోబెట్టి, నోరు తడిగా ఉంచుతూ, ప్రమాదం తెలిసే ఇస్తున్నాం అని నోట్‌లో రాస్తాను. అది కూడా కారణంతో రాసిన నిర్ణయమే.

చివరిగా కుటుంబం ఒప్పుకోకపోతే. ఆ కూతురు నన్ను మొదట అడిగింది, "మేడమ్, పైపు వేస్తే ఇక ఆఖరే అంటున్నారు మావాళ్లు, నిజమేనా?" మన దగ్గర చాలా ఇళ్లలో ఇదే భయం. "లేదమ్మా, ఇది మింగడం వచ్చేదాకా. చాలామందికి మొదటి రెండు వారాల్లోనే మెరుగవుతుంది, అమ్మకి ఎప్పుడు తీస్తామో ఇప్పుడే చెప్పలేను గానీ, ఏం చూసి తీస్తామో చెబుతాను" అని ఆ ముప్పావు వంతు లెక్క చెప్పాను, పూటపూటకీ రాసిన కాగితం చూపించాను. 60, 40, 25 చూడగానే ఆవిడకి అర్థమైంది. అయినా కొందరు వద్దంటారు. అప్పుడు "ఫ్యామిలీ రెఫ్యూజ్డ్" అని రెండు ముక్కలు రాసి వదిలేయకండి. ఏ ప్రమాదాలు చెప్పారో, వాళ్లు ఏ కారణం చెప్పారో, ఎవరెవరు ఉన్నారో, డాక్టర్ గారికి ఎప్పుడు తెలియజేశారో రాయండి. తర్వాత వాళ్లు ఎలాగూ నోటితోనే పెడతారు కాబట్టి అది తక్కువ ప్రమాదంతో ఎలా పెట్టాలో నేర్పండి. మెలకువ ఉన్నప్పుడే, నిటారుగా, చిక్కటిది అర చెంచా చొప్పున, బాగున్న వైపు, పడుకోబెట్టి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, తీర్థమని చెంచాడు నీళ్లు పోయడం కూడా వద్దు. ఏమి నేర్పారో కూడా అదే నోట్‌లో రాసి, మర్నాడు మళ్లీ వెళ్లి ఎన్ని మిల్లీలీటర్లు వెళ్లిందో చూసి, ఆ అంకెతో ఇంకోసారి అడగండి. మొదటి రోజు వద్దన్నవాళ్లలో చాలామంది రెండో రోజు ఒప్పుకుంటారు.